ఏడో సెకను నుంచి నలభై ఒకటో సెకను దాకా

దివిసీమ ఉప్పెన వచ్చిన నలభై నాలుగో ఏడు. లోకమంతా దాన్ని కరోనా రెండో ఏడు అంది గానీ, శౌరి లెక్క ఎప్పుడూ ఉప్పెన నుంచే.

కూతుర్ని చూసిపోదామని డబ్లిన్ వచ్చి, విమానాలు ఆగిపోయి చిక్కుకుపోయాడు. కూతురు లీలారాణి బోమాంట్ ఆసుపత్రిలో నర్సు. శౌరి మూడో తరగతితో బడి మానేసినవాడు. మాటల్లో మహా పొదుపరి.

ఆ ఫిబ్రవరిలో ఊళ్లో బళ్లన్నీ మూసి ఉన్నాయి. పద్నాలుగేళ్ల మనవడు యోనాకి పాఠాలన్నీ లాప్‌టాప్‌లోనే.

ఒకరోజు లీలారాణి డ్యూటీ దిగి వచ్చేసరికి యోనా దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాడు.

చరిత్ర క్లాసులో వాడు చెంపకి చెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడట. మైకు ఆపడం మరిచాడు. క్లాసంతటికీ గురక వినపడింది. మామూలు గురక కాదు, బురదలో దిగబడ్డ ట్రాక్టరు. టీచరు రెండుసార్లు పాఠం ఆపింది. తోటి పిల్లలిద్దరు తెర మీద కనపడేదంతా రికార్డు చేసి, వీడియోల సైటులో పెట్టేశారు. పేరు ‘ట్రాక్టర్ యోనా’. సాయంత్రానికి రెండు వేలమంది చూశారు.

“ఐ వాజ్ నాట్ స్లీపింగ్, మామ్! కళ్లు మూసుకుని వింటున్నా. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నా, నాకేం వినపళ్లా!”

“మరి ఆ గురకెవరిదిరా, టీచరుదా?” అంది లీలారాణి. తండ్రి వైపు తిరిగింది. “మీరు నడకకి పోయే టైములోనే అయింది నాన్నా. ఇంట్లో ఉంటే తట్టి లేపేవాళ్లు కదా! అచ్చం మీ పోలికే దిగింది వెధవకి.”

శౌరి మజ్జిగ గ్లాసు ఎత్తి గటగటా తాగాడు.

యోనా మర్నాటి నుంచి కెమెరా తెరవలేదు. క్లాసులో నోరూ తెరవలేదు. బళ్లు తెరిచినా వెళ్లనన్నాడు.

లీలారాణి ఆ వీడియోల సైటు సంస్థకి మూడు పేజీల ఉత్తరం రాసింది. తల్లి గుండె, పరువు, దేవుడు, అన్నీ పెట్టింది. వాట్సాప్‌లో వచ్చిన వీడియో జతచేసింది. రెండో రోజుకే జవాబు వచ్చింది: మీ బాధ అర్థమైంది. ఫైలు పనికిరాదు. ఆ వీడియో ఉన్న పేజీ లింకు పంపండి. అబ్బాయి ఏ సెకను నుంచి ఏ సెకను దాకా కనపడతాడో రాయండి. వాడి వయసెంతో, మీరు వాడికి ఏమవుతారో చెప్పండి.

“సెకన్లు కావాలంట! మళ్లీ చూడాలా నేను దాన్ని?”

“శబ్దం తీసేసి చూడమ్మా,” అన్నాడు శౌరి.

ఆ వారంలో ఆయన అన్న పెద్ద మాట అదే.

రెండో ఉత్తరం ఒక్క పేజీ. ముందు ఆ వీడియో ఉన్న పేజీకి ఫొటో తీసి దాచుకుంది. తీసేశాక బడివాళ్లకి చూపించడానికి రుజువుండాలిగా. తర్వాత లింకులు వెతికితే ఒకటి కాదు, మూడు తేలాయి. ఒక్కో నకలుకీ ఒక్కో లింకు ఇవ్వాలి. ఏడో సెకను నుంచి నలభై ఒకటో సెకను దాకా నా కొడుకు ముఖం కనపడుతోంది, కింద పేరు కూడా పడింది. వాడు మైనరు. వాడినీ అడగలేదు, నన్నూ అడగలేదు. యూరప్ డేటా చట్టం పదిహేడో అధికరణం కింద తొలగించండి. నెల లోపల జవాబు చెప్పకపోతే డేటా రక్షణ కమిషన్‌కి ఫిర్యాదు చేస్తాను.

అదే ఆన్‌లైన్ ఫారంలో నింపింది. కాగితం మీద కూడా తీసి సంతకం పెట్టింది.

“వాళ్ల ఆఫీసు ఈ ఊళ్లోనే ఉంది నాన్నా. పోయి అడుగుదామంటే అందరూ ఇళ్ల నుంచే పనంట!”

ఆమె మాట ముగిసేలోపే శౌరి కోటు వేసుకుని, కవరు లాక్కుని పోస్టాఫీసుకి బయల్దేరాడు. చిత్తడి చలిలో గొడుగు కూడా తీసుకోలేదు.

“చూడరా, మీ తాతకి నువ్వంటే ఎంత ప్రాణమో!” అంది లీలారాణి.

ఈలోగా ఆమెలోని నర్సు మేలుకుంది. జీపీకి, అంటే వాళ్ల పేటలోని డాక్టరుకి, ఫోన్ చేసింది. రెండు రాత్రులు గురక రికార్డు చేసి పంపమన్నాడు డాక్టరు. ఒక్క గురకా పడలేదు. “టెన్షన్‌కి లోపలికి పోయింది,” అని తేల్చేసింది లీలారాణి. పొద్దుటా సాయంత్రమూ ఆవిరి పట్టించింది. ముక్కులో చుక్కలు వేసింది. పెరుగు మాన్పించింది. యోనా తల మీద తువ్వాలు కప్పుకుని గిన్నెలోకి వంగినప్పుడల్లా శౌరి లేచి వంటింట్లోకి పోయేవాడు.

“మే బీ ఐ డూ స్నోర్, తాతా,” అన్నాడు వాడు ఒక సాయంత్రం, ముఖం తుడుచుకుంటూ.

శౌరి ఆ పూట అన్నం కలిపి, పళ్లెం అలాగే వదిలేసి లేచాడు.

తొమ్మిదో రోజున ఈమెయిలు వచ్చింది. మూడు లింకులూ తొలగించారు. పిల్లల ఫోన్లలో దాచుకున్నవి మాత్రం మా చేతిలో లేవు, బడితో మాట్లాడుకోండి అన్నారు. లీలారాణి దాచిన ఫొటోలు పంపింది. బడివాళ్లు ఆ ఇద్దరి చేత క్షమాపణ రాయించారు. ఆమె కేకు చేసింది.

యోనా కేకు ముట్టలేదు.

“వీడియో పోయింది కదరా! ఇంకేంటి?”

“పేరు పోలేదు మామ్. ఇవాళ కూడా నలుగురు ట్రాక్టర్ అన్నారు. దానికి లింక్ లేదుగా, తీసెయ్యమనడానికి.”

లీలారాణి దగ్గర దానికి చట్టం లేదు.

మర్నాడు పొద్దున క్లాసు మొదలవగానే శౌరి గదిలోకి పోయి, మనవడి చేత కెమెరా తెరిపించి, లాప్‌టాప్ వెనకున్న తన పడక్కుర్చీని అందరికీ చూపించి, బొటనవేలు గుండెకి ఆనించుకుని, ఇరవై ఎనిమిది మంది ఐరిష్ పిల్లలతో తన జన్మలోకెల్లా పొడుగైన ఉపన్యాసం చెప్పాడు: “దట్ డే రెయిన్. నో వాకింగ్. బాయ్ నో స్లీప్. ట్రాక్టర్, మీ.”