విప్పని పిలుపు

పెళ్ళయ్యాక మొదటి సంక్రాంతి. కోడలి పుట్టింటివాళ్ళు నాలుగు రోజుల కిందటే ఫోన్ చేశారు.

"ఫోన్లో పిలిస్తే పిలుపవుతుందా? ఉత్తరం రాయండి. అది వచ్చాకే పంపే మాట," అని అత్తగారు ఫోన్ పెట్టేసింది. పట్టుదలకి ఆవిడ పెట్టింది పేరు.

అందుకే ఆ మధ్యాహ్నం గుమ్మంలో కవరు పట్టుకుని నిలబడ్డ మనిషిని చూసి ఆవిడ మొహం వెలిగింది. వెలిగింది కవరుకే, మనిషికి కాదు.

అరవై ఏళ్ళుంటాయి. ఎండకి కమిలిన మొహం, నలిగిన చొక్కా. కవరుకి నాలుగు మూలలా పసుపు.

"మీ వియ్యాలవారు పంపారమ్మా."

"నువ్వెవరు?"

ఆయన కొంచెం తడబడ్డాడు. "అంతా అందులో రాశారమ్మా. చదవండి."

కవరు మీద మామగారి పేరుంది. ఆవిడ దాన్ని కళ్ళకద్దుకుని అద్దం వెనక దోపింది.

"ఇంటి పెద్దకి రాసింది ఇంటి పెద్దే విప్పాలి. ఆయన అయిదున్నరకి గానీ రారు."

"నా బండి అయిదింటికమ్మా."

"అయితే వెళ్ళు. జవాబు మేం రాసుకుంటాంలే."

ఆయన కదల్లేదు. "అమ్మాయి?"

"ఆఫీసులో. ఆరవుతుంది."

"ఒక్కసారి ఫోన్ చేస్తే, పది నిమిషాలు వచ్చి వెళ్తుందేమో. చూసి పోదామని. రేపు పనిలో చేరితే మళ్ళీ రెండేళ్ళకి గానీ సెలవు దొరకదు."

"ఊళ్ళో వాళ్ళందరూ చూసి పోతామంటే ఉద్యోగం చేసినట్టే! కొత్త కోడలు, నలుగురూ ఏమనుకుంటారు?"

ఆయన ఏదో చెప్పబోయి అద్దం వైపు చూశాడు. "మీరు చదివితే బాగుండేదమ్మా," అని మాత్రం అన్నాడు.

నీళ్ళిచ్చి వరండాలో కుర్చీ చూపించి, ఆవిడ కుట్టుమిషను దగ్గర కూర్చుంది. రెండు రోజులుగా అది మొరాయిస్తోంది. తొక్కితే కదలదు, కదిలితే దారం తెంపుతుంది.

"నేను చూడనా అమ్మా? నా పని ఇంజిన్లు బాగుచేయడమే."

అడగ్గానే ఆవిడ లేచి చోటిచ్చింది. ఆయన కింద కూర్చుని చక్రం విప్పాడు. చిక్కుకున్న దారాలు ఒక్కొక్కటే లాగాడు, నూనె వేశాడు. మధ్యమధ్య వీధి వైపు చూస్తూనే ఉన్నాడు. ఎవరి అడుగు వినిపించినా చెయ్యి ఆగిపోయేది.

"అమ్మాయి ఇక్కడ బాగానే ఉందా అమ్మా?"

"బాగుండకేం? రాక్షసుల ఇంట్లో పడిందనుకున్నావా? పొద్దున్నే లేస్తుంది, పుస్తకం పడితే మాత్రం లోకం తెలీదు."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు ఎక్కడో చూసినట్టనిపించింది ఆవిడకి. ఎక్కడో గుర్తు రాలేదు.

నాలుగుంపావుకి మిషను బుద్ధిగా నడిచింది. ఆయన చొక్కా నిండా నూనె మరకలు. ఆవిడకి జాలేసింది. లోపలికెళ్ళి మామగారి పాత చొక్కా ఒకటి తెచ్చిచ్చింది.

ఆయన కళ్ళు మెరిశాయి. "కొలతకా అమ్మా?"

"కొలతేమిటయ్యా? తొడుక్కోవడానికి! కాలరు చిరిగింది గానీ గట్టిది."

ఆ మెరుపు ఆరిపోయింది. అయినా రెండు చేతులా అందుకుని, మడిచి సంచిలో పెట్టుకున్నాడు. నాలుగున్నర దాకా వీధి చూశాడు. ఆ తర్వాత నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

మామగారు రాగానే ఆవిడ కవరు చేతికిచ్చింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని పైకి చదివాడు.

"పూజ్యులైన బావగారికి, చెల్లెమ్మగారికి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమ సమాచారాలు తెలుపగోరెదము. మా అమ్మాయిని మీ ఇంటి పిల్లగా చూసుకుంటున్నారు. అది ఫోన్ చేసినప్పుడల్లా ముందు మా అత్తయ్య అనే అంటుంది..."

ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది. "చూశారా, ఉత్తరమంటే ఇదీ!"

"ఇది పిల్లల తొలి పండగ. మీరు అనుమతిస్తే భోగి ముందురోజుకి అల్లుడుగారినీ అమ్మాయినీ పంపండి. కనుమ వెళ్ళాక మేమే తెచ్చి దింపుతాం. పిల్లల్ని మాత్రం పిలిచి మిమ్మల్ని పిలవకపోతే అది మాకు పండగ కాదు. మీరిద్దరూ కూడా రావాలి. అందరికీ బట్టలు కుట్టిస్తున్నాం. కొలతకి బావగారి చొక్కా ఒకటి, ఉత్తరం తెచ్చినవారి చేత పంపండి."

ఆవిడ చెయ్యి కొంగు మీదే ఆగిపోయింది. "కొలతకా?"

"ఏమైంది?"

"ఏం లేదు. చదవండి."

"పెద్దలను పిలిచే పిలుపు పోస్టులో వేయడం మర్యాద కాదని మా ఇంటి పెద్దనే పంపుతున్నాం. ఆయన మా అన్నయ్య. ఓడలో ఇంజిన్ల పని. సముద్రం మీద ఉండిపోయి పెళ్ళికి రాలేకపోయారు."

"అయ్యో!" ఆవిడ కుర్చీలో కూలబడింది. "వియ్యాలవారి అన్నగారి చేత మిషను బాగుచేయించాను. కాలరు చిరిగిన చొక్కా చేతిలో పెట్టాను. నువ్వు అన్నాను!"

మామగారు గడియారం చూశాడు. ఆరు కావస్తోంది. బండి వెళ్ళి గంటయింది. వీధి గేటు చప్పుడైంది. కోడలు చెప్పులు విప్పుతోంది.

"అత్తయ్యా, మిషను బాగైందా? ఎవరొచ్చారు?"

ఆ అమ్మాయి నవ్వుతూ లోపలికొచ్చింది. మధ్యాహ్నం మిషను దగ్గర చూసిన నవ్వే అది.

మామగారు మిగిలింది మనసులోనే చదువుకున్నాడు. కాగితం ఆవిడ చేతికిచ్చాడు. చివరి నాలుగు వాక్యాలు ఆవిడే చదువుకుంది.

"పెళ్ళికి ముందు మీకు చెప్పని మాట ఒకటుంది. తప్పు మాదే, క్షమించండి. అమ్మాయికి ఈ సంగతి తెలుసు, ఆయన రాక మాత్రం తెలియదు; మీరు చదివాకే తానెవరో చెప్పుకుంటానని అన్నయ్య పట్టుబట్టారు. పురిట్లోనే భార్యను పోగొట్టుకుని, పదిరోజుల పసిగుడ్డును మా ఒళ్ళో పెట్టి ఓడెక్కిన మనిషి, మన అమ్మాయి కన్నతండ్రి ఆయనే."