ఏడో చోటు

"ఈ ఒక్కసారి పరచండి పిన్నిగారూ. ఇంక అడగను," అంది దర్జీ, గదిలోకి వస్తూనే.

టారో కార్డులు చూసి జోస్యం చెప్పే ఆవిడ కళ్లజోడు తీసి కళ్లు నులుముకుంది. "మూడు వారాల్లో ఇది మూడోసారి. అడిగిందే అడుగుతుంటే కార్డులకు విసుగో కాదో గానీ, నాకు ఓపిక లేదమ్మా."

"నాలుగింటికి కుట్టుషాపు అడ్వాన్సు కట్టాలి. నత్త తన వాటా సంచీలో పెట్టుకుని కింద మెట్ల మీద కూర్చుంది. కలిసి పెట్టాలో వద్దో ఇప్పుడే తేల్చాలి."

నత్త దర్జీకి చిన్ననాటి స్నేహితురాలు. ఒక్కో గుండీ కుట్టడానికి పది నిమిషాలు తీసుకుంటుంది కాబట్టి ఆ పేరు.

దర్జీ కిటికీ పక్క కుర్చీ లాక్కోబోయింది. దాని మీద శాలువా మడతపెట్టి ఉంది.

"అది కాదు, ఇటు కూర్చో," అంటూ ఆవిడ కట్ట అందించింది. "ప్రశ్న మనసులో పెట్టుకుని కలుపు. ఎడమ చేత్తో మూడు భాగాలు చెయ్యి."

ఆవిడ ఏడు కార్డులు బోర్లా పరిచింది. పైన రెండు, వాటి కింద రెండు, ఆ కింద రెండు, అన్నిటికీ అడుగున ఒకటి. మొదటి వరస మనుషులకు, రెండోది నమ్మకానికి, మూడోది డబ్బుకు. ఏడో చోటు విడిపోవాల్సి వస్తే దారేమిటో చెప్పడానికి.

మొదటి రెండూ తిప్పింది. "ఇది నువ్వు. ఎనిమిది నాణాలు. బల్ల ముందు తలెత్తకుండా పనిచేసే మనిషి. ఇది ఆమె. నాణాల రౌతు."

"గుర్రం కదలట్లేదేం?"

"కట్టలో ఉన్న నలుగురు రౌతుల్లో ఈ గుర్రం ఒక్కటే కదలకుండా నిలబడి ఉంటుంది. నిదానం, కానీ మాట తప్పదు."

"నత్తే!" దర్జీకి నవ్వొచ్చింది. "అది కుట్టిన గుండీ బట్ట చిరిగినా ఊడదు."

నమ్మకం వరసలో పైకి కనిపించేదాని చోట ఆరు కప్పులు వచ్చాయి. పూల కప్పు ఇచ్చిపుచ్చుకునే పిల్లలు. లోపల దాగినదాని చోట ఏడు కత్తులు. కత్తులు మోసుకుని మునివేళ్ల మీద జారుకునే మనిషి.

"దొంగా?"

"ఇది ఇద్దరి మధ్య చోటు. ఎవరో ఒకరు ఏదో చెప్పలేదు. ఆమే అని ఎందుకనుకుంటావు?"

దర్జీ చీర అంచు సర్దుకుంది. "షాపు అగ్రిమెంటు నా ఒక్కదాని పేరనే రాయించాను. దానికింకా చెప్పలేదు."

ఆవిడ తర్వాతి రెండూ తిప్పింది. పెట్టుబడి చోట నాలుగు నాణాలు, గుండెకు అదుముకుని కూర్చున్న మనిషి. పంపకం చోట ఆరు నాణాలు, త్రాసు పట్టుకుని దానమిచ్చే మనిషి, తలకిందులుగా.

"త్రాసు తిరగబడింది. ఒకరు ఇచ్చేవాళ్లు, ఒకరు చేయి చాచేవాళ్లు అయితే అది భాగస్వామ్యం కాదు. ఎవరెంత పెట్టారో, నెలకెంత తీసుకోవాలో ముందే రాసుకోండి."

ఏడో కార్డు ఎనిమిది కప్పులు. పేర్చిన కప్పులను వదిలేసి కొండవైపు నడిచిపోయే మనిషి.

"గొడవ లేకుండా విడిపోతారు, కానీ ఒకరు వట్టి చేతులతో పోతారు. అలా జరక్కూడదంటే మిషన్లు ఎవరికి, ఎన్ని నెలల ముందు చెప్పాలి, వాటా ఏ ధరకు కొనాలి అన్నది ఇవాళే అనుకోండి. స్నేహంగా ఉన్నప్పుడే అడగగల మాటలివి."

ఆవిడ కార్డులు సర్దుతుంటే దర్జీ ఒక్కొక్కటీ వెతికి చూసింది. "రెండు కప్పుల కార్డు ఉంటుందటగా? ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఉంటారట. అది వస్తే జోడీ కలిసినట్టేనట, ఫోన్లో చదివాను. మూడుసార్లు పరిచారు, ఒక్కసారీ రాలేదు."

ఆవిడ కార్డులు సర్దడం ఆపింది.

"నా రాతలో లేదు," అంటూ దర్జీ లేచింది. "వద్దని చెప్పేస్తాను. పాపం, పొద్దుటినుంచీ ఏమీ తినలేదు అది."

ఆమె మెట్లదాకా వెళ్లింది.

"ఆగమ్మా," అని పిలిచింది ఆవిడ. కట్టంతా బల్ల మీద పెట్టింది. "లెక్కపెట్టు."

దర్జీ నిలబడే లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. "డెబ్బై ఏడే ఉన్నాయి. డెబ్బై ఎనిమిది ఉండాలని కదా ఫోన్లో ఉంది?"

ఆవిడ శాలువా ఉన్న కుర్చీ వైపు చూసింది.

"ఆ కుర్చీ నా స్నేహితురాలిది. ఇరవై రెండేళ్లు ఈ గది నాతో కలిసి నడిపింది. రెండు కప్పుల కార్డు ఆమె కన్నుమూసిన రోజున చేతిలో పెట్టి పంపాను."