రెండో రిమోటు

"ఈ తుపాకుల ఆటే కట్టివ్వమ్మా. వాడికి ఎల్లుండితో పదకొండు నిండుతున్నాయి, ఇంకా చిన్నపిల్లాడా ఏంటి?" అన్నాడు వీడియో గేముల షాపులో లారీ డ్రైవరు. బయట రోడ్డుకడ్డంగా ఆపిన లారీలోంచి క్లీనరు హారను మోగిస్తూనే ఉన్నాడు.

కౌంటరు అమ్మాయి కొరియరు చీటీ ముందుకు తోసింది. మేనల్లుడి చిరునామా సగం రాశాడో లేదో, అక్క నుంచి మెసేజి వచ్చింది.

"తమ్ముడూ, ఆదరాబాదరాగా కొనెయ్యకు. డబ్బా మూల పద్దెనిమిది అని అంకె ఉంటే వద్దు, అది పెద్దవాళ్ళ ఆట. వాడి గేము మిషనుకి డిస్కు పెట్టే చోటు లేదు, కార్డు రకమే అడుగు. వెనక 'ఒకే టీవీ మీద ఇద్దరు' అని ఉండాలి. 'ఆన్‌లైన్‌లో ఇద్దరు' అంటే రెండోవాడికి ఇంకో మిషను కావాలి. వంతెన కట్టే ఆట ఒకటుంది. ఒకడు పలక పట్టుకుంటే ఇంకొకడు మేకు కొట్టాలి. అది తీసుకో."

డ్రైవరు తుపాకుల డబ్బా తిప్పి చూశాడు. పద్దెనిమిదే. నాలుక్కరుచుకుని వంతెన ఆట అడిగి తీసుకున్నాడు.

"సరే గానీ, నువ్వేమో ఎప్పుడూ డ్యూటీలోనే ఉంటావు. ఆ రెండోవాడెవడక్కా?" అని టైపు చేశాడు.

"నిరుడు నువ్వు పంపిన రెండో రిమోటుకి ఇంకా కవరే విప్పలేదురా. మామయ్య వచ్చాక విప్పుతానంటాడు."

హారను మళ్ళీ మోగింది. అతను తల తిప్పలేదు.

"అడ్రసు పూర్తి చెయ్యండి సార్" అంది అమ్మాయి.

డ్రైవరు చీటీని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "కొరియరొద్దమ్మా. ఏ బటను నొక్కితే ఏమవుతుందో నాకు కాస్త చూపించు. ఎల్లుండి వాడి ముందు పరువు పోకూడదు."