రెండో హెల్మెట్

"నేను బరువైతే చెప్పేయరా. బస్సులో పోతా," అన్నాడు భరణి, హెల్మెట్ తీసి యువరాజ్ చేతిలో పెడుతూ.

"పొద్దున్నే ఏందిరా ఈ పంచాయితీ?"

"మరేంది? ముందు ఈడ దిగి ఇద్దరం టీ తాగేవాళ్ళం. ఇప్పుడు నన్ను దించేదీ, పారిపోయేదీ. నా మొహం చూసే తీరిక కూడా లేదు నీకు."

యువరాజ్ వాచీ చూసుకున్నాడు. "సాయంత్రం మాట్లాడదాంరా," అని బండి పోనిచ్చాడు. చూలైలో తను పనిచేసే బైండింగు షాపు ముందు భరణి ఒక్కడే నిలబడ్డాడు. చూపు మందగించి తను బండి మానేసినప్పటి నుంచీ రోజూ వ్యాసర్పాడిలోని ఇంటి నుంచి తీసుకొచ్చి దించేది యువరాజే. అలాంటివాడిని మాట అన్నందుకు మధ్యాహ్నానికల్లా మనసు పీకడం మొదలుపెట్టింది.

పైగా మర్నాడు ఆదివారం, యువరాజ్‌కి యాభై నిండే రోజు. సారీ చెప్పడం భరణికి చేతకాదు. కవిత్వం మాత్రం వచ్చని ఆయన నమ్మకం. సాయంత్రం ఇంటికి రాగానే గబగబా రాసి, కాలేజీలో తమిళం చదివే కూతురు కార్తీకకి వినిపించాడు.

"మిత్రమా, నీవు పున్నమి చంద్రుడివి! స్నేహానికే ఇంద్రుడివి! నూరేళ్ళు వర్ధిల్లు, ఆనందాల హరివిల్లు!"

"అప్పా, పేరు మారిస్తే ఇది మా ప్రిన్సిపాల్‌కి కూడా సరిపోతుంది," అంది కార్తీక.

భరణి మొహం చిన్నబోయింది. "ప్రాస కుదిరింది కదమ్మా?"

"ప్రాస కోసమే ఇంద్రుడు వచ్చినాడు. యువరాజ్ మామకీ ఆయనకీ ఏం సంబంధం? పుదుక్కవిదైలో, అదే వచన కవితలో, అవేం వద్దు. మామ రోజూ చేసే పని ఒకటి చెప్పు. ఒక్కటే."

"ఏం చేస్తాడు... బండి తెస్తాడు. నాకోసం ఇంకో హెల్మెట్ కొక్కేనికి తగిలించుకొని వస్తాడు. ఇచ్చే ముందు లోపల చేత్తో తుడుస్తాడు."

"తుడుస్తాడా?"

"ఊఁ. రోజూ."

"అదే అప్పా! ఇంక చంద్రుణ్ణి వదిలేయ్. హెల్మెట్ దాటి బయటికి రావద్దు."

తండ్రి రాయడం, కూతురు కొట్టేయడం. 'బంగారంలాంటి హెల్మెట్' అని రాస్తే 'బంగారంలాంటి' ఎగిరిపోయింది. 'ప్రేమతో తుడిచి' అంటే 'ప్రేమతో' పోయింది. తుడిస్తే చాలు, ప్రేమ దానంతటదే తెలుస్తుందంది. 'ఖాళీగా' అన్న మాటను విడదీసి ఒక వరుసలో ఒంటరిగా నిలబెట్టింది.

"ఎందుకమ్మా పాపం, దాన్ని ఒంటరిగా?"

"పైకి చదువు. నీకే ఆడ ఊపిరి ఆగుతుంది."

చదివాడు. నిజంగానే ఆగింది. తను రాసిన మాట తననే ఆపడం భరణికి వింతగా అనిపించింది.

చివరికి ఒక్క వరుస దగ్గర ఇద్దరూ పట్టుబట్టారు.

"'మన దారి ఒకటే' అన్నది తీసెయ్ అప్పా. కారణం చెప్పినట్టుంది. ఎట్లాగూ పోయేదారే కాబట్టి ఎక్కించుకున్నాడంటే, మామ చేసింది చిన్నదైపోతుంది."

"ఉన్నదే రాయమన్నావు. ఇది ఉన్నదే కదా? నన్ను దించి, రెండు వీధులు దాటితే వాడు పనిచేసే గోడౌన్. కవితలో నిజం ఉంటే తప్పా? అది ఉండాల్సిందే."

"సరి, నీ ఇష్టం," అని కార్తీక పెన్ను మూత పెట్టేసింది.

ఆదివారం సాయంత్రం యువరాజ్ ఇంట్లో కేకు కోయడం అయ్యాక భరణి కాగితం తీశాడు. నిన్నటి మాటను ఈ కాగితం మాపకపోతే రేపు పొద్దున ఆ బండి ఎక్కే మొహం తనకి లేదు.

"చదవరా," అన్నాడు యువరాజ్ మెల్లగా.

*నీ బండి కొక్కేనికి*
*రోజూ ఒక హెల్మెట్ వేలాడుతూ వస్తుంది*
*ఖాళీగా.*

*మా సందు మొదట్లో ఆగి*
*లోపల చేత్తో తుడిచి*
*నాకిస్తావు.*
*మన దారి ఒకటే.*

*ఇంత ఊళ్ళో*
*పొద్దున్నే నా తల కోసం*
*కాచుకొని ఉండే చోటు*
*అదొక్కటే.*

*నీకు యాభై నిండాయట.*
*ఈసారి ఆగు.*
*నీ హెల్మెట్*
*నేను తుడిచిస్తాను.*

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. యువరాజ్ కళ్ళు తుడుచుకొని, వచ్చి భరణి భుజం పట్టుకున్నాడు.

"నిన్న అట్లా అనకుండా ఉండాల్సింది రా," అన్నాడు భరణి. కవిత పుణ్యమా అని ఆ మాట కూడా నోట్లోంచి వచ్చేసింది.

"వదిలేయ్ రా. కోకిలా, అన్నకి పాయసం పట్రా."

యువరాజ్ భార్య కోకిల కదల్లేదు. కాగితం తీసుకొని మళ్ళీ చూసింది. "అంతా బాగుందన్నా. ఈ ఒక్క వరుసే తప్పు."

"ఏ వరుసమ్మా?"

"కోకిలా, పాయసం!" అన్నాడు యువరాజ్, ఈసారి గట్టిగా.

"ఉండండి, తెస్తా. 'మన దారి ఒకటే' అని రాసినావే అన్నా, నీకు తెలీదా? గోడౌన్ దీపావళికే మణలికి మారిపోయింది. నిన్ను చూలైలో దించేసి, మళ్ళా మన ఇంటి ముందర నుంచే కదా ఈయన రోజూ ఎదురు దిక్కుకి పరుగెత్తేది!"