మిగిలినవాళ్ళ మీద డేగ కన్ను

మనుషుల్ని తీసేసిన మర్నాడు ఆఫీసులో మిగిలినవాళ్ళకి కేకు పంచారు. దాని మీద క్రీముతో ‘మీరే మా బలం’ అని రాసి ఉంది. చావింట్లో విందులా ఉంది. అయినా అందరూ తిన్నారు. తినకపోతే ఎవరైనా గమనిస్తారేమోనని రెండో ముక్క కూడా తిన్నారు.

ఎవరెవరు పోయారో పైవాళ్ళు చెప్పలేదు. అది వ్యక్తిగత విషయమట. కుర్చీ ఖాళీగా ఉంటే మనిషి పోయినట్టు, మనిషి కనిపిస్తే మిగిలినట్టు. అంతే లెక్క.

కొత్తపెళ్ళికూతురి పక్క కుర్చీ ఖాళీ అయింది. ఆఫీసులో ఈ అమ్మాయిని అందరూ అలాగే పిలుస్తారు. ఆ కుర్చీ అక్కది. ఇన్సూరెన్సు పనిలో ఈమెకి ఓనమాలు దిద్దించిన అక్క. బండ్ల క్లెయిములు ఈమె చూసేది, ఆసుపత్రి క్లెయిములు అక్క చూసేది. ఇప్పుడు రెండూ ఈమెవే. ఏ ఆసుపత్రి ఒకే బిల్లు రెండుసార్లు పంపుతుందో అక్కకి కంఠతా వచ్చు. అదంతా ఎవరికైనా చెప్పి వెళ్ళమని ఆమెని ఎవరూ అడగలేదు. కంప్యూటర్ ఆపేసి, సంచీ చేతికిచ్చి, గేటు దాకా సాగనంపారు.

ఫోన్ చేసి అడగొచ్చు. కానీ ఏ మొహం పెట్టుకుని? “నీ పని నాకిచ్చారక్కా, ఎలా చెయ్యాలో నువ్వే చెప్పు” అనా? అక్కే ఫోన్ చేస్తే ఈమె ఎత్తలేదు. తనకంటే బాగా పనిచేసే మనిషి పోయి తను ఎందుకు మిగిలిందో ఈమెకి ఎంతకీ అర్థం కాలేదు.

ఇంట్లో లోకం వేరు. భర్త ఆమ్లెట్ తిరగెయ్యడం నేర్చుకుంటున్నాడు. సగం పెనం మీద పడుతుంది, సగం పొయ్యి మీద. కిటికీకి కొత్తగా పసుపు పరదా కట్టారు. సాయంత్రపు ఎండ అందులోంచి పడితే గదంతా తేనెలో ముంచినట్టు ఉంటుందట. అది ఆయన చెబితే వినడమే. వెలుతురుండగా ఈమె ఇల్లు చేరితేగా!

“తాళి కట్టింది నేనా, మీ ఆఫీసా?” అన్నాడు నవ్వుతూ. మళ్ళీ అడిగినప్పుడు నవ్వలేదు.

సూపర్‌వైజర్‌కి డేగ అన్న పేరు ఎప్పటినుంచో ఉంది. రెక్కలు విప్పింది మాత్రం ఇప్పుడే. కేకు పంచిన రోజే తన అద్దాల గది మానేసి, నేరుగా వచ్చి అక్క కుర్చీలో కూర్చున్నాడు.

“గోడలెందుకమ్మాయ్, ఇకమీదట మనందరం ఒకే కుటుంబం” అన్నాడు.

“రెండో విడతకి మేకల్ని ఏరుతున్నాడు” అని గొణిగాడు ఎదుటి సీటు కళ్ళజోడు.

పొద్దున్నే డేగ తలుపు బయట నిలబడేవాడు. మొదట వచ్చినవాళ్ళు కార్డు చూపించి తలుపు తీస్తే, వాళ్ళ వెనకాలే లోపలికి నడిచేవాడు. ఎవరు ఆలస్యమో చూస్తున్నాడని అందరూ పోటీపడి ముందే రావడం మొదలుపెట్టారు. “నాకు మెయిళ్ళు పంపకండి, నోటితో చెప్పండి” అనేవాడు. సాక్ష్యం మిగలకుండా జాగ్రత్తపడుతున్నాడని అనుకున్నారు. “ఏదీ, స్క్రీన్ ఇటు తిప్పు” అని ఒక్కొక్కరి పనిలో తలదూర్చేవాడు. ఇంటినుంచి ఫోనొస్తే హాలంతా వినపడేలా, “మీటింగులో ఉన్నానే, పెట్టెయ్!” అనేవాడు.

“కట్టుకున్నదానికే ఇలా బొంకితే మన గతేంటి?” అన్నాడు కళ్ళజోడు.

డేగ వస్తే మాటలు ఆగేవి. రానురాను డేగ లేకపోయినా ఆగిపోయాయి. కళ్ళజోడు ఆయనకి టీ తెచ్చిచ్చాడని కొత్తపెళ్ళికూతురు అతనితో పలకడం మానేసింది. డేగ ఈమెని “శభాష్” అన్నాడని కళ్ళజోడు ఈమె ముందు నోరు విప్పడం మానేశాడు. ఒకరి ఫైలు ఇంకొకరు ముట్టుకోరు. సాయం అడిగితే పని రాదనుకుంటారని ఎవరూ అడగరు. అందరి బల్లల మీదా కొండలు పెరిగాయి.

చివరికి జరగాల్సింది జరిగింది.

“అమ్మాయ్, ఈ మోకాలి ఆపరేషన్ బిల్లు మొన్ననే పాస్ చేశావు కదా?” అన్నాడు డేగ, ఈమె స్క్రీన్లోకి వంగి. “ఈ పెద్దమనిషికి మోకాళ్ళెన్ని?”

“రెండు సార్.”

“రెండూ కుడివేనా?”

ఎవరూ నవ్వలేదు. ఈమెకి ఏడుపు తన్నుకొచ్చింది.

“అక్క ఉంటే ఇలా జరిగేది కాదు సార్. ఆరోజు నన్నే తీసెయ్యాల్సింది.”

డేగ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఇంకెవరికీ వినపడనంత మెల్లగా, “అంత మాట అనకమ్మా. ఎవరేమన్నా కుర్చీ మాత్రం వదలకు” అన్నాడు.

బెదిరింపు ఇంత మెత్తగా కూడా ఉంటుందా! ఈమె ఒళ్ళు మండిపోయింది. ఉంటే ఉద్యోగం, ఊడితే పసుపు పరదా. విసురుగా లేచి హెచ్చార్ గదికి నడిచింది.

ఒకప్పుడు ఆ గదిలో కాలు పెట్టే చోటుండేది కాదు. ఇప్పుడు ఒకే ఒక్కావిడ మిగిలింది. మోగుతున్న ఫోన్ల మధ్య బిస్కెట్టు నములుతూ తల ఎత్తింది.

“చెప్పమ్మా, తొందరగా. నలుగురి పని నా ఒక్కదాని నెత్తినే పడింది.”

“నన్ను తీసేసి మా అక్కని వెనక్కి పిలవండి. లేదంటే మా సూపర్‌వైజర్‌ని వేరే విభాగానికైనా మార్చండి. పొద్దస్తమానం మా మధ్యే కూర్చుని కాపలా కాస్తున్నాడు. ఇక ఆయన కింద చెయ్యడం నావల్ల కాదండీ.”

ఆవిడ నమలడం ఆపేసింది.

“మీ సూపర్‌వైజరా? మీ అక్కని పంపిన రోజే ఆయన్నీ పంపించేశాం కదమ్మా!”