ఇదొక్కటే తక్కువైంది

సముద్రం అడుగున పనిచేసేవాళ్ల గొంతులు పైకి రావడం ఎప్పుడో మానేశాయి. హెల్మెట్ మాటల్ని అక్షరాలు చేసి పంపుతుంది, యంత్రం వాటిని తెలుగులోకి మారుస్తుంది. విశాఖ రేవులో కూర్చున్న నూకరత్నం సరిచూసి క్రేన్ మీదున్న పైడిరాజుకి అందిస్తుంది.

అడుగునున్న డైవర్ కానర్ నుంచి "ఓ గ్రేట్, జస్ట్ పర్ఫెక్ట్" అని వచ్చింది. యంత్రం దాన్ని "ఆహా, అంతా చక్కగా ఉంది" అని మార్చింది.

కానర్ నెత్తిమీద, అడుగున బిగించాల్సిన ముప్పై టన్నుల కరెంటు పంకా క్రేన్ తాళ్లకి వేలాడుతోంది.

"దింపీమంటావా, అప్పా? బేగి సెప్పు!" అన్నాడు పైడిరాజు. అక్కని అప్పా అనడం అతని యాస.

నూకరత్నం చెయ్యి ఆగిపోయింది. అంతకు ముందు వచ్చిన కబురు "పక్కతాడు జారుతోంది" అని. తాడు జారుతుంటే మెచ్చుకునేవాడెవడు? పైగా పని కుదిరినప్పుడల్లా కానర్ "ఓకే" అని సరిపెడతాడు తప్ప మెప్పు మీద మెప్పు పేర్చడు. ఇది ఒళ్లు మండి అన్న మాట. "చక్కగా ఉంది" అంటే అందులో మంట కనపడదు. నవ్వు బొమ్మ తగిలిస్తే పైడిరాజు సరదా అనుకుంటాడు. ఎలా చదివినా మెప్పులా వినపడని మాట కావాలి.

యంత్రం రాసింది చెరిపేసి, "ఇంకేం, ఇదొక్కటే తక్కువైంది!" అని పంపింది.

"ఆపీసినాను, అప్పా! ఏటైనాది?"

జవాబు అడుగునుంచే వచ్చింది: "తాడు తెగింది. కాలు ఇరుక్కుంది. దించకండి."

నూకరత్నం ఊపిరి పీల్చుకునేలోపే తెర మీద యంత్రం అడిగింది: "మీ అనువాదం మూలానికి దూరంగా ఉంది. సరిచేయమంటారా?"

"అబ్బో, ఎంత తెలివి!" అని టైపు కొట్టింది నూకరత్నం.

"మీ ప్రశంసకు ధన్యవాదాలు" అంది యంత్రం.