బ్రాకెట్లో ఉన్నది

కోరుట్లలో మా బడి వార్షికోత్సవానికి యాంకరింగ్ స్క్రిప్టు రాసింది నేనే. ఒక్కో ఐటమ్‌కు ఒక కార్డు. దాని మీద రెండు వాక్యాల పరిచయం, కింద బ్రాకెట్లో సూచన. తెర పక్కనుంచి నేను బొటనవేలు ఎత్తాకే ఐటమ్ పేరు చెప్పాలి.

తొమ్మిదో తరగతి భవ్యశ్రీ మైకందుకుంది. "మగ్గం మీద ఆడే రంగులు ఇప్పుడు మన స్టేజీ మీద ఆడబోతున్నాయి! సిరిసిల్ల చీర కట్టిన ఆ బుజ్జమ్మలెవరో చెప్పుకోండి చూద్దాం!"

అంతటితో ఆగిందా?

"బ్రాకెట్లో, నవ్వు మొహం పెట్టాలి, ముక్కు గోక్కోవద్దు! ముఖ్య అతిథి కునుకు తీస్తుంటే గొంతు పెంచాలి!"

జనం ఘొల్లుమన్నారు. అతిథి ఉలిక్కిపడి లేచి, తనూ పడీపడీ నవ్వారు. తెర వెనక నా తల కొట్టేసినట్లయింది.

డాన్స్ మొదలయ్యాక పిల్లను నిలదీశాను. "బ్రాకెట్లయి ఎవలన్న సదువుతరానే?"

"మీరు బొటనవేలు లేపలే గద టీచర్! చిన్నపిల్లల చీరలు ఊడుతుంటే పిన్నీసులు పెడుతున్నరు. జనమేమో లేసి పోతుండ్రు. రాసిచ్చిన ముచ్చట అయిపోయింది. ఇగ మిగిలింది గదే!"

తెర సందులోంచి చూస్తే, లేచినవాళ్లంతా మళ్లీ కూర్చుని ఉన్నారు. తర్వాతి కార్డు లాక్కుని, బ్రాకెట్లో ఇంకో మాట చేర్చాను: "ఇదీ చదువు, తల్లీ."